కంపెనీ పేరుతో ఆఫర్ మెయిల్ వచ్చింది, డిపాజిట్ కట్టమంటున్నారు, నమ్మొచ్చా అక్కా?

*అక్కా నమస్తే. మాది గుంటూరు, కొరిటెపాడు. 2024లో బీటెక్ అయింది, అప్పట్నుంచి ట్రై చేస్తున్నా. పోయిన వారం ఒక పెద్ద ఐటీ కంపెనీ హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది, వాట్సాప్ చాట్‌లో పావుగంట ఇంటర్వ్యూ చేశారు, మర్నాడే ఆఫర్ లెటర్ పంపారు. ఏడాదికి 5.4 లక్షలు, వర్క్ ఫ్రమ్ హోమ్. లాప్‌టాప్ పంపడానికి 6,850 రిఫండబుల్ డిపాజిట్ రేపు సాయంత్రంలోపు కట్టమన్నారు. కంపెనీ సైట్‌లో మా పేరుతో ఫేక్ రిక్రూటర్లు తిరుగుతున్నారు జాగ్రత్త అని పోస్ట్ ఉంది. అది చూపించి అడిగితే ఆ మేడమ్ 'అదే వార్నింగ్ మా మెయిల్ కింద కూడా ఉంది కదా, ఫేక్ వాళ్లయితే ఎందుకు పెడతారు' అన్నారు. నిజంగానే ఉంది. లెటర్ మీద సీఐఎన్, అంటే కంపెనీ రిజిస్ట్రేషన్ నంబర్ కూడా చెక్ చేశా, కరెక్టే. ఆధార్, పాన్ ఫొటోలు ఆల్రెడీ పంపేశా. నాన్న మిర్చి యార్డులో గుమాస్తా, డబ్బులు ఎవరి దగ్గరో సర్ది తెచ్చారు. కట్టకపోతే వచ్చిన ఉద్యోగం పోతుందేమో అని భయం, కడితే ఇంకో భయం. ఏం చెయ్యను?*

*— ఒక తమ్ముడు, గుంటూరు*

కట్టొద్దు తమ్ముడూ. రేపు సాయంత్రం కాదు కదా, ఎల్లుండి కూడా కట్టొద్దు. నాన్నగారు తెచ్చిన డబ్బు ఎవరి దగ్గర తెచ్చారో వాళ్లకి ఈ రాత్రికే ఇచ్చేయమను, ఇంట్లో ఉంటే చెయ్యి ఊరుకోదు. ఇక ఎందుకు వద్దంటున్నానో చెప్తా, కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదువు.

నేను విజయవాడలో బెంజిసర్కిల్ దగ్గర ఒక మోస్తరు కంపెనీలో పన్నెండేళ్లుగా రిక్రూట్‌మెంట్ చూస్తున్నా. నువ్వు చూశావే ఆ వార్నింగ్ పోస్ట్, అలాంటిది మా కంపెనీకి రాసింది నేనే, అందుకే అది ఎందుకు పెడతారో, దాన్ని దొంగలు ఎలా వాడుకుంటారో నాకు బాగా తెలుసు. మూడేళ్ల కిందట ఒక సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి సెక్యూరిటీ అతను ఫోన్ చేసి, మేడమ్ ఎవరో జాయినింగ్‌కి వచ్చారంట, లిస్టులో పేరు లేదు అన్నాడు. కిందకెళ్తే తెనాలి వైపు నుంచి ఒకమ్మాయి, పక్కన వాళ్ల నాన్న, ఇస్త్రీ బట్టలేసుకుని చేతిలో ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఫైల్లో మా లోగోతో ఆఫర్ లెటర్, కింద మా ఎండీ గారి సంతకం. ఆ సంతకం మా యాన్యువల్ రిపోర్ట్‌లోంచి కత్తిరించి అతికించింది, చుట్టూ కొంచెం బూడిద రంగు డబ్బా కూడా కనబడుతోంది. అసలు మా ఆఫర్ లెటర్ల మీద ఎండీ సంతకమే ఉండదు, ఆయనకి అన్ని లెటర్లు ఎక్కడ కుదురుతాయి. ఆ అమ్మాయి మూడు దఫాలు కట్టింది, రిజిస్ట్రేషన్ అని 1,850, లాప్‌టాప్ అని 4,999, ట్రైనింగ్ కిట్ అని 12,500, మొత్తం 19,349. అంతా జాయినింగ్ రోజు కౌంటర్‌లో తిరిగిస్తాం అన్నారంట. అంటే వాళ్లు మా గేటు దగ్గరికి వచ్చింది ఉద్యోగం కోసం ఎంతో, ఆ డబ్బు కోసం కూడా అంతే. ఆ పెద్దాయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న 'అమ్మా, కౌంటర్ ఎటు?' అని.

వాళ్లు వెళ్లిపోయాక ఆ రోజే కూర్చుని పోస్ట్ రాశాం. మొదట మా లీగల్ వాళ్లు ఇచ్చింది ఒక్క లైను, మేం ఉద్యోగం ఇవ్వడానికి ఫీజు తీసుకోం అని. రెండు వారాల్లో ఇంకో కుర్రాడు అదే రకం లెటర్‌తో ఫోన్ చేశాడు, మేడమ్ మీ పోస్ట్ చూశాను గానీ వాళ్లు అడిగింది ఫీజు కాదు డిపాజిట్ అన్నాడు. తప్పు అతనిది కాదు, మా లైనుది. అప్పుడు మార్చి ఫీజు, డిపాజిట్, ఇన్సూరెన్స్, కొరియర్ ఛార్జీ, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, ఏ పేరు పెట్టినా సరే తీసుకోం అని రాశాం. అదే పోస్ట్‌లో డౌట్ ఉంటే ఈ ఐడీకి మెయిల్ చెయ్యండి అని మా కెరీర్స్ ఐడీ ఇచ్చాం. ఇంకో నెల తిరక్కుండా మేం రాసిన పోస్ట్ మొత్తం ఒక ఫేక్ మెయిల్ కింద కనబడింది, ఒక్క అక్షరం కూడా మార్చలేదు, ఒక్కటే మార్చారు, డౌట్ ఉంటే మెయిల్ చెయ్యమన్న చోట మా ఐడీ తీసేసి వాళ్ల ఐడీ పెట్టుకున్నారు. అంటే ఎవడికైనా అనుమానం వచ్చి కంపెనీని అడుగుదాం అని మెయిల్ కొడితే అది నేరుగా దొంగ దగ్గరికే పోతుంది, వాడే కంపెనీ లాగా అవునండీ మా ఆఫరే అని జవాబు ఇస్తాడు. ఇది చూసి నాకు ఆ రోజు కోపం కన్నా ఆశ్చర్యమేసింది, ఎంత తెలివి.

నీ మెయిల్‌లో జరిగింది కూడా అదే. ఆ మేడమ్ అడిగింది కదా, ఫేక్ వాళ్లయితే వార్నింగ్ ఎందుకు పెడతారు అని. నువ్వు ఈ ప్రశ్న దగ్గర ఆగిపోతావని, నీ అనుమానం చల్లారుతుందని పెట్టారు. ఇప్పుడు నువ్వు చెయ్యాల్సిన పని ఒకటుంది, మెయిల్ కింద ఉన్న వార్నింగ్‌నీ కంపెనీ సైట్‌లో ఉన్న వార్నింగ్‌నీ పక్కపక్కన పెట్టుకుని, మాటలు వదిలేసి, ఫోన్ నంబర్లూ మెయిల్ ఐడీలూ మాత్రమే పోల్చు. నేను అడిగితే నువ్వు ఆ మెయిల్ పంపావు కదా, దాంట్లో నేను చూశా, సైట్‌లో ఉన్న ఐడీ వేరు, మెయిల్ కింద ఉన్నది వేరు. ఇంకో మాట, కంపెనీ సైట్‌కి వెళ్లేటప్పుడు మెయిల్‌లో లింకు నొక్కి వెళ్లకు, గూగుల్‌లో పైన స్పాన్సర్డ్ అని వచ్చే వాటి మీద కూడా నొక్కకు, అడ్రస్ చేత్తో టైప్ చేసి వెళ్లు.

ఇక మెయిల్ సంగతి. మొదట నువ్వు నాకు ఫార్వర్డ్ చేశావు, దాంట్లో అసలు హెడర్, అంటే మెయిల్ ఎక్కడ్నుంచి ఎలా వచ్చిందో చెప్పే లైన్లు పోతాయి, అందులో కనిపించేది నీ మెయిల్ హెడర్. అందుకే రెండోసారి ఒరిజినల్ అడిగా. చదివే మిగతా వాళ్ల కోసం ఎలాగో చెప్తా. ఫోన్‌లో జీమెయిల్ యాప్‌లో ఈ ఆప్షన్ దొరకదు, కంప్యూటర్‌లో గానీ ఫ్రెండ్ లాప్‌టాప్‌లో గానీ బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిచి, ఆ మెయిల్ కుడి వైపు పైన ఉన్న మూడు చుక్కలు నొక్కితే `Show original` అని ఉంటుంది. అది నొక్కితే పైన ఒక చిన్న పట్టిక, కింద గజిబిజిగా అక్షరాలు వస్తాయి. గజిబిజి చూసి భయపడకు, మనకి కావల్సింది నాలుగైదు లైన్లే. నీ మెయిల్‌లో ఉన్నవి ఇవీ, డొమైన్ పేర్లు, అంటే ఐడీలో @ తర్వాత ఉండేవి మాత్రం నేను మార్చి రాస్తున్నా, అసలు కంపెనీది example.com అనుకో.

```
From: "HR Team - example.com" <hr.desk@jobs-offer.example>
Reply-To: offerdesk@another-mail.example
SPF: PASS
DKIM: 'PASS' with domain jobs-offer.example
DMARC: 'PASS'
```

మొదటి లైను చూడు. కొటేషన్లలో ఉన్నది పేరు, అక్కడ ఎవడైనా ఏదైనా రాసుకోవచ్చు, నేను ముఖ్యమంత్రి అని కూడా రాసుకోవచ్చు. ఫోన్‌లో నీకు పెద్ద అక్షరాల్లో కనిపించింది ఆ పేరే, అందులో కంపెనీ వెబ్ అడ్రస్ కూడా ఇరికించారు కాబట్టి నువ్వు అదే మెయిల్ ఐడీ అనుకున్నావు. అసలు ఐడీ కోణాల బ్రాకెట్ల మధ్యలో ఉంది. ఐడీలో @ తర్వాత వచ్చే ముక్కని ఎప్పుడూ కుడి నుంచి ఎడమకి చదవాలి. చివరి రెండు ముక్కలు, అంటే చుక్కకి అటూ ఇటూ ఉన్నవి, అవి ఎవరివో వాళ్లే ఓనర్. `careers.example.com` అంటే ఓనర్ example.com వాళ్లే, ముందు careers అని వాళ్లు పెట్టుకున్న గది లాంటిది. అదే కంపెనీ పేరు తర్వాత అడ్డగీత పెట్టి careers అనో jobs అనో కలిపేసి చివర .com పెడితే అది వేరే ఇల్లు, కంపెనీకి దానికి చుట్టరికం లేదు, ఎవడైనా కొనుక్కోవచ్చు, ఏడాదికి వెయ్యి లోపే దొరికేవి బోలెడు. చివర .co.in ఉంటే మాత్రం మూడు ముక్కలు చూడాలి, అది గుర్తుంచుకో.

రెండో లైను `Reply-To`. మెయిల్ ఒక ఐడీ నుంచి వచ్చింది, నువ్వు రిప్లై నొక్కితే ఇంకో ఐడీకి పోతుంది. న్యూస్‌లెటర్లలో ఇది మామూలే, కానీ ఒక మనిషి నీ పేరు పెట్టి ఆఫర్ లెటర్ పంపి, జవాబు మాత్రం కంపెనీ డొమైన్ బయటికి రమ్మంటే అది మామూలు కాదు.

ఇప్పుడు అందరూ బోల్తా పడే చోటు ఇదే, మూడు `PASS`లు. మీ ఫ్రెండ్ ఎవరో చూసి పాస్ అని ఉంది కదా ఒరిజినలే అన్నాడంట, వాడు సగం నేర్చుకున్నాడు. ఈ మూడూ చెప్పేది ఏంటంటే, ఈ మెయిల్ jobs-offer అనే ఆ డొమైన్ నుంచే నిజంగా వచ్చింది, మధ్యలో ఎవడూ దాని పేరు దొంగిలించలేదు అని. అంతే. ఆ డొమైన్ మంచి వాళ్లదో దొంగలదో అవి చెప్పవు. దొంగ తన సొంత ఇంటి తాళం తన తాళంచెవితోనే తీసుకుంటే తాళం చక్కగా వస్తుంది కదా, అలాగన్నమాట. కాబట్టి `PASS` కనబడితే వెంటనే దాని పక్కన ఉన్న డొమైన్ చదవాలి. అది కంపెనీదైతేనే ఆ పాస్‌కి విలువ. ఒకవేళ `From`లో సరిగ్గా కంపెనీ డొమైనే ఉండి `DMARC` దగ్గర `FAIL` అని వస్తే, అక్కడ ఎవడో కంపెనీ అడ్రస్ పెట్టుకుని పంపి ఉండొచ్చు, ఒక్కోసారి కంపెనీ వాళ్ల సెటప్ బాగోక కూడా వస్తుంది, ఏదైనా ఆ మెయిల్‌ని నమ్మి అడుగు ముందుకేయొద్దు.

డొమైన్ వయసు కూడా చూడొచ్చు. `lookup.icann.org`లో ఆ డొమైన్ కొడితే ఎప్పుడు రిజిస్టర్ చేశారో తేదీ వస్తుంది, చివర .in ఉంటే `registry.in`లో చూడు. నీకు వచ్చిన డొమైన్ నేను కొట్టి చూశా, నీకు మెయిల్ రావడానికి సరిగ్గా ఇరవై మూడు రోజుల ముందు పుట్టింది. ఏళ్ల తరబడి నడుస్తున్న కంపెనీ హెచ్‌ఆర్ డిపార్ట్‌మెంట్ ఇరవై మూడు రోజుల కిందట పుట్టిందంటే నువ్వే ఆలోచించుకో. ఒకటి మాత్రం గుర్తుంచుకో, పాత డొమైన్ అయితే మంచిదే అని కాదు, పాతవి కూడా కొనుక్కుంటారు, హ్యాక్ చేస్తారు. కొత్తదైతే దాదాపు తేలిపోయినట్టే, పాతదైతే ఏమీ తేలనట్టు.

సీఐఎన్ సంగతి అడిగావు. నువ్వు చెక్ చెయ్యడం మంచి పనే, చాలామంది అది కూడా చెయ్యరు. కానీ కంపెనీల చట్టం 2013 ప్రకారం కంపెనీలు తమ లెటర్‌హెడ్ మీద పేరు, రిజిస్టర్డ్ ఆఫీస్ అడ్రస్, ఈ 21 అక్షరాల నంబర్ వేసుకోవాలి, అంటే అది గోడ మీద రాసినట్టు అందరికీ కనబడేదే. దొంగ అసలు కంపెనీ కాగితం చూసి ఎక్కించుకుంటాడు, నువ్వు చెక్ చేస్తే కరెక్ట్ అనే వస్తుంది, రాకపోతేనే ఆశ్చర్యం. అలాంటి కంపెనీ ఒకటి ఉందా అనే ప్రశ్నకి అది జవాబు చెప్తుంది, ఈ లెటర్ ఆ కంపెనీ ఇచ్చిందా అనే దానికి చెప్పదు. లోగో, సంతకం, రౌండ్ స్టాంప్, ఆఫీస్ ఫొటో అన్నీ ఇదే లెక్క.

మరి నిజమైన మెయిల్ ఎలా ఉంటుంది అంటే ఇక్కడ ఒక చిక్కుంది, అది కూడా చెప్పాలి, లేకపోతే నువ్వు రేపు నిజమైన దాన్ని చెత్తలో పడేస్తావు. చాలా వార్నింగ్ పోస్ట్‌లలో మా మెయిల్స్ మా డొమైన్ నుంచే వస్తాయి అని రాస్తారు, కానీ పెద్ద కంపెనీలు అప్లికేషన్లు తీసుకోవడానికి వర్క్‌డే, గ్రీన్‌హౌస్ లాంటి సాఫ్ట్‌వేర్ వాడతాయి, అప్పుడు ఇంటర్వ్యూ మెయిల్ `myworkday.com` నుంచి రావచ్చు, అది మోసం కాదు. మరి దొంగ కూడా అలాంటి పేరే పెట్టుకుంటే? అందుకే మెయిల్‌ని చూసి తేల్చుకోకు, పోర్టల్‌ని చూసి తేల్చుకో. కంపెనీ సైట్ నువ్వే టైప్ చేసి వెళ్లి, అక్కడి కెరీర్స్ పేజీ నుంచి నీ లాగిన్‌తో లోపలికి వెళ్లు. నువ్వు అప్లై చేసిన ఉద్యోగం, జాబ్ ఐడీ, దాని స్టేటస్ అక్కడ ఉంటాయి. ఆఫర్ నిజమైతే సాధారణంగా లోపల ఏదో ఒక జాడ ఉంటుంది. నువ్వు అసలు ఆ కంపెనీకి అప్లై చేశావా అని నేను అడిగితే, లేదక్కా ఒక జాబ్ సైట్‌లో రెజ్యూమె పెట్టా అక్కడ చూసి పిలిచారంట అన్నావు. పిలవడం వరకు జరుగుతుంది, మేం కూడా అలా పిలుస్తాం, కానీ ఆఫర్ ఇచ్చే లోపు ఎక్కడో ఒక చోట నీతో ఫామ్ నింపిస్తాం, ముఖం చూసో వీడియోలోనో ఒక్కసారైనా మాట్లాడతాం. వాట్సాప్ చాట్‌లో టైప్ చేసుకుంటూ పావుగంటలో తేల్చేసి 5.4 లక్షలు ఎవరూ ఇవ్వరు తమ్ముడూ, నేనైతే పన్నెండేళ్లలో చూడలేదు.

కన్సల్టెన్సీ ద్వారా వచ్చింది అంటారు ఒక్కోసారి. కంపెనీలు కన్సల్టెన్సీలని నిజంగానే పెట్టుకుంటాయి, కానీ వాళ్లకి డబ్బులిచ్చేది కంపెనీ. మా దగ్గర ఎక్కువగా నడిచేది ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే పన్నెండో వంతు, ఒక నెల జీతం. నీ 5.4 లక్షలకి లెక్క వేస్తే 45,000 వస్తుంది. నిన్ను జాయిన్ చేయిస్తే 45,000 కంపెనీ నుంచి తెచ్చుకునే వాడు నీ దగ్గర 6,850 కోసం సాయంత్రంలోపు కట్టు అని వెంట పడతాడా? లాప్‌టాప్ కూడా అంతే, అది కంపెనీ ఆస్తి, కొరియర్ ఇన్సూరెన్స్ వాళ్లే చూసుకుంటారు, నీ చేత ఒక డిక్లరేషన్ మీద సంతకం పెట్టించుకుంటారు, మానేసేటప్పుడు తిరిగి ఇవ్వకపోతే ఫైనల్ సెటిల్‌మెంట్‌లో కోసుకుంటారు. ముందే నీ దగ్గర తీసుకునే అవసరం వాళ్లకి లేదు. ఇంకో చిన్న గమనిక, నీకు పంపిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పిన్ కొట్టే ముందు పేరు వస్తుంది చూడు, నువ్వు పంపిన స్క్రీన్‌షాట్‌లో ఒక మనిషి పేరుంది, కంపెనీ పేరు లేదు. ఆ మనిషి కూడా పాపం అకౌంట్ అద్దెకిచ్చిన ఎవడో అయ్యుంటాడు.

అద్దె అంటే గుర్తొచ్చింది. నువ్వు డబ్బు కట్టను అంటే వాళ్ల దగ్గర రెండో వల ఉంటుంది, సరే డిపాజిట్ వద్దులే, సాలరీ అకౌంట్ మేమే తెరిపిస్తాం, ఏటీఎం కార్డు, సిమ్ పంపు అంటారు. దీనికి ఒప్పుకుంటే ఇంకా ప్రమాదం, ఎందుకంటే వేరే వాళ్ల దగ్గర కొట్టేసిన డబ్బు నీ అకౌంట్ మీదుగా తిప్పుతారు, పోలీసులు మొదట తలుపు కొట్టేది నీ ఇంటిదే. నీ ఆధార్, పాన్ వాళ్ల దగ్గర ఆల్రెడీ ఉన్నాయి కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నా. ఆధార్ ఫొటో ఒక్కటే ఉంటే అకౌంట్ ఖాళీ అయిపోదు, కంగారు పడకు, కానీ ఓటీపీ అడిగితే మాత్రం ఎవరికీ చెప్పకు, ఏదైనా యాప్ ఇన్‌స్టాల్ చేయించి ఉంటే తీసెయ్. `myaadhaar.uidai.gov.in`లో బయోమెట్రిక్స్ లాక్ చేసుకో, వేలిముద్రతో డబ్బు తీసేవాళ్లకి అడ్డం పడుతుంది. పాన్ మీద నీకు తెలియకుండా లోన్ ఎత్తారేమో రెండు మూడు నెలలు ఆగి క్రెడిట్ రిపోర్ట్ తీసి చూడు, ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికొకసారి పూర్తి రిపోర్ట్ ఫ్రీగా ఇవ్వాలి. ఇక నుంచి ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వు, అదీ ఆఫర్ పోర్టల్‌లో అప్‌లోడ్ చెయ్, వాట్సాప్‌లో కాదు.

ఉద్యోగం పోతుందేమో అన్నావు కదా, దానికి ఒక పని చెయ్. `Show original` పేజీలోనే `Download Original` అని ఉంటుంది, అది నొక్కితే మెయిల్ మొత్తం .eml ఫైలుగా దిగుతుంది. ఆ ఫైలు, ఆఫర్ లెటర్ పీడీఎఫ్, రెండూ జతచేసి కంపెనీ సైట్‌లోని వార్నింగ్ పోస్ట్‌లో ఉన్న ఐడీకి పంపు. ఫార్వర్డ్ చెయ్యొద్దు, కారణం ఇందాక చెప్పా. రాయాల్సింది నాలుగే ముక్కలు: ఈ తేదీన ఈ ఐడీ నుంచి ఈ ఉద్యోగానికి ఆఫర్ లెటర్ వచ్చింది, లెటర్ మీద రిఫరెన్స్ నంబర్ ఇది, ఇంత డబ్బు ఈ యూపీఐ ఐడీకి కట్టమన్నారు, ఇది మీరు ఇచ్చిందేనా చెప్పండి. నా లాంటి వాళ్లకి పొద్దున మెయిల్ తెరవగానే ఇది చాలు, ఐదు నిమిషాల్లో లెటర్ నంబర్ మా సిస్టమ్‌లో వెతికి చెప్పేస్తాం. వేరే కంపెనీల్లో రెండు మూడు పని దినాలు పట్టొచ్చు. అది కుదరకపోతే సైట్‌లో ఉన్న బోర్డ్ నంబర్‌కి ఫోన్ చేసి టాలెంట్ అక్విజిషన్, అంటే రిక్రూట్‌మెంట్ టీమ్‌కి కలపమను, లెటర్ మీద ఉన్న నంబర్‌కి మాత్రం చెయ్యకు.

ఇక ఆ మేడమ్‌కి ఏం చెప్పాలి అంటావా, కంపెనీకి రాశాను, వాళ్లు చెప్పాక కడతా అను. నిజమైన హెచ్‌ఆర్ అయితే సరే అంటుంది, మేం ఆఫర్ యాక్సెప్ట్ చెయ్యడానికి రెండు రోజులు ఎక్కువ అడిగితే ఎప్పుడూ కాదనం. వీళ్లేమంటారో నేను ఇప్పుడే చెప్పగలను, ఈ పొజిషన్ ఇంకొకరికి ఇచ్చేస్తాం అంటారు, లేకపోతే సగం కట్టు మిగతాది జీతంలో పట్టుకుంటాం అని 3,425కి దిగుతారు. దిగారంటే ఇక డౌటే లేదు, ఏ కంపెనీ అయినా డిపాజిట్ కూరగాయల బేరంలా తగ్గిస్తుందా.

చాట్ డిలీట్ చెయ్యకు, బ్లాక్ చేసే ముందు స్క్రీన్‌షాట్లు తీసుకో, వాళ్ల నంబర్ కనబడేలా. డబ్బు పోలేదు కదా అని ఊరుకోకుండా `cybercrime.gov.in`లో కంప్లయింట్ పెట్టు, ఆ నంబర్‌ని `sancharsaathi.gov.in`లో చక్షు అనే విభాగంలో కూడా రిపోర్ట్ చెయ్యొచ్చు. కంప్యూటర్, ఫోన్ వాడి ఇంకొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల వరకు జైలు ఉంది. ఇది చదివే వాళ్లలో ఎవరైనా ఆల్రెడీ కట్టేసి ఉంటే మాత్రం ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, అదే రోజు, వీలైతే అదే గంట, బ్యాంకుకి కూడా చెప్పండి, పేమెంట్ మెసేజ్‌లో ఉండే యూటీఆర్ నంబర్ చేతిలో పెట్టుకోండి. డబ్బు ఇంకో అకౌంట్‌కి దాటకముందే పట్టుకుంటే ఆగే అవకాశం ఉంది, దాటాక కష్టం. తెనాలి అమ్మాయి వాళ్లు మా గేటుకి వచ్చేసరికి ఆఖరి పేమెంట్ కట్టి పదకొండు రోజులైంది. నేనే దగ్గరుండి వాళ్ల నాన్నతో 1930కి చేయించా, కంప్లయింట్ నంబర్ వచ్చింది, డబ్బు రాలేదు.

కంపెనీకి మెయిల్ ఈ రాత్రే పంపు, జవాబు వచ్చాక నాకూ ఒక ముక్క రాయి.

— అక్క, విజయవాడ